ముందు నలుగురిలో... తర్వాతే ఇద్దరుగా

ఒకరి మీద ఇష్టం కలుగుతుంది. ఆదివారం షటిల్ ఆడటానికి వచ్చే అబ్బాయి కావచ్చు, కోచింగ్ సెంటర్‌లో పరిచయమైన అమ్మాయి కావచ్చు, స్నేహితురాలి పెళ్లిలో కలిసిన వాళ్ల కజిన్ కావచ్చు. కనిపిస్తే బాగుంటుంది, మాట్లాడితే ఇంకా బాగుంటుంది. కానీ ఆ మనిషి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. ఈ దశలో చాలామందికి రెండే దారులు కనిపిస్తాయి. ఏమీ అనకుండా నెలల తరబడి వాట్సాప్ స్టేటస్‌లు చూస్తూ కూర్చోవడం ఒకటి. గుండె దిటవు చేసుకుని "శనివారం ఇద్దరం కాఫీకి వెళ్దామా?" అని అడిగేయడం రెండోది.

రెండో దారిలో నిజాయితీ ఉంది. కానీ మన దగ్గర ఇద్దరు కలిసి కాఫీకి వెళ్లడం ఇంకా చిన్న విషయం కాలేదు. హాస్టల్లో రూమ్మేట్లు ఆరా తీస్తారు. కెఫేలో ఊరివాళ్లెవరైనా చూస్తే కబురు సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది. అందుకే "కాఫీకి వస్తావా?" అనే ప్రశ్న అవతలివాళ్లకు "నేనంటే నీకు ఇష్టమేనా?" అన్నట్టే వినిపిస్తుంది. మనిషి ఎలాంటివాడో తెలియకముందే అంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తే ఎవరైనా వెనకడుగు వేస్తారు. వాళ్లు వద్దన్నది మనల్ని కాకపోవచ్చు. తెలియని మనిషితో ఒంటరిగా కూర్చోవడానికే వద్దని ఉండవచ్చు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. ముందు స్నేహితుల గుంపుతో కలిసి తిరగడం, మనిషిని కాస్త తెలుసుకున్నాక ఇద్దరుగా కలవడానికి అడగడం. మన యువతీయువకులు గుంపుగా తిరగడం కొత్తేమీ కాదు. కాకపోతే పదిహేను మంది కలిసి సినిమాకి వెళ్లి, ఇష్టపడ్డ మనిషితో నాలుగు మాటలు కూడా మాట్లాడకుండా తిరిగి రావడమే ఎక్కువ జరుగుతుంది. ఎంతమంది వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏం గమనించాలి, ఎప్పుడు నోరు విప్పి అడగాలి అన్నది తెలిస్తేనే ఈ దారి పనికొస్తుంది.

నలుగురిలో ఏం తెలుస్తుంది

ఇద్దరే కలిసినప్పుడు ఇద్దరూ తమలోని మంచినే చూపించడానికి ప్రయత్నిస్తారు. అందులో తప్పేమీ లేదు. గుంపులో మాత్రం అది ఎక్కువసేపు సాగదు. ఒకరు ఆలస్యంగా వస్తారు, ఆటోవాలాతో బేరం కుదరదు, టిఫిన్ సెంటర్లో ఒకరి ఆర్డర్ మారిపోతుంది, బిల్లు పంచుకునేటప్పుడు ఒకరి దగ్గర చిల్లర ఉండదు. అలాంటప్పుడు మనిషి ఎలా ఉంటాడో చూస్తే వారం రోజుల చాటింగ్‌లో తెలియనిది తెలుస్తుంది. గుంపులో అందరికన్నా తక్కువ మాట్లాడే వాళ్లను కలుపుకుని పోతున్నాడా, ఎవరినో ఆటపట్టిస్తున్నప్పుడు ఆ మనిషి ముఖం చిన్నబోతే ఆపుతున్నాడా అన్నది మరీ ముఖ్యం. అవతలివాళ్లూ మనల్ని అలాగే చూస్తుంటారు.

పదేపదే కనిపించడానికి కూడా ఒక బలం ఉంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 1992లో ఫలితాలు ప్రచురించారు. చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు యువతులను ఎంచుకున్నారు. ఒక తరగతికి ఒకరు 15 సార్లు, ఒకరు 10 సార్లు, ఒకరు 5 సార్లు వచ్చి కూర్చున్నారు. నాలుగో ఆమె ఒక్కసారీ రాలేదు. వాళ్లు విద్యార్థులతో మాట్లాడలేదు. టర్మ్ చివర ఆ నలుగురి ఫొటోలు చూపించి అడిగితే, ఎక్కువసార్లు వచ్చిన వాళ్లనే విద్యార్థులు ఎక్కువగా ఇష్టపడ్డారు. మాట్లాడకుండా కేవలం కనిపించినందుకే అంత తేడా వచ్చింది.

దీనికి ఒక హద్దు ఉంది. ఎదుటివాళ్లకు మనమంటే మొదటే చిరాకు ఉంటే, ఎక్కువసార్లు కనిపించినకొద్దీ ఆ చిరాకే పెరగవచ్చు. కాబట్టి "రోజూ కళ్లముందు ఉంటే ఎప్పటికైనా ఒప్పుకుంటుంది" అన్న సినిమా లెక్క ఇక్కడ చెల్లదు. పరిచయం ఉన్న బీజాన్ని పెంచుతుంది కానీ లేనిదాన్ని పుట్టించదు.

ఆరుగురు చాలు

గుంపు ఎంత ఉండాలన్నది చాలామంది ఆలోచించని విషయం. బ్రిటన్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ తన సహచరులతో కలిసి, జనం తమంత తాము కలిసి మాట్లాడుకునేటప్పుడు ఏం జరుగుతుందో గమనించి 1995లో రాశారు. ఒక సంభాషణలో దాదాపు నలుగురు దాకానే ఇముడుతారు. ఐదో మనిషి, ఆరో మనిషి చేరితే అది రెండు ముచ్చట్లుగా విడిపోతుంది. ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా దీన్ని మనం కళ్లారా చూడవచ్చు.

మన విషయానికి ఇది చాలా ఉపయోగపడుతుంది. ఐదుగురి నుంచి ఏడుగురి దాకా ఉంటే గుంపు దానంతట అదే ఇద్దరుగా, ముగ్గురుగా విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది, మళ్లీ ఇంకోలా విడిపోతుంది. ఎవరూ ఎవరినీ పక్కకు లాగాల్సిన పని లేకుండా ఇష్టపడ్డ మనిషితో పది నిమిషాలు మాట్లాడే వీలు ఒకటికి రెండుసార్లు వస్తుంది. ముగ్గురే అయితే మూడో మనిషి మిగిలిపోతారు. పదిహేను మంది అయితే అప్పటికే కుదిరిన జట్లు కలిసే ఉంటాయి, కొత్తవాళ్లతో ఎవరూ కలవరు. మరీ బిడియస్తులైతే నలుగురితో వెళ్లడం మేలు. గుంపు పెద్దదయ్యేకొద్దీ నోరు మూతపడేవాళ్లు అందులో తమ అసలు స్వభావం చూపించలేరు.

గుంపులో ఎవరుండాలన్నది కూడా చూసుకోవాలి. మనం ఇష్టపడ్డ మనిషికి సొంత స్నేహితులు కనీసం ఒకరైనా ఉండాలి. వచ్చినవాళ్లంతా మన మనుషులే అయితే ఆ మనిషి పరీక్షకు వచ్చినట్టు ఇబ్బంది పడతారు. అందరూ జంటలే అయి మిగిలింది మీరిద్దరే అయితే అది గుంపు కాదు, ఎదుటివాళ్లకు చెప్పకుండా పెట్టిన డేట్. అది అర్థమైన క్షణం నుంచి వాళ్లు ముడుచుకుపోతారు.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. నడవడానికి వీలుండాలి, చూడటానికి ఏదో ఒకటి ఉండాలి, మధ్యలో కూర్చుని తినే చోటు ఉండాలి. నడుస్తుంటే పక్కన ఎవరున్నారన్నది పది నిమిషాలకోసారి మారుతూ ఉంటుంది. చూడటానికి ఏదో ఉంటే మాటలు దొరక్క తడబడాల్సిన పని ఉండదు. గోల్కొండ కోట ఇలాంటిదే. కింద ద్వారం దగ్గర కొందరు చప్పట్లు కొడితే పైన కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుందా లేదా అని చూడటానికి ఏ గుంపైనా రెండుగా విడిపోవాల్సిందే. ఎక్కేటప్పుడు ఒకరి వేగం ఒకరిది, కాబట్టి మెట్ల మీద మళ్లీ కొత్త జట్లు పడతాయి. సినిమా మాత్రం ఈ పనికి పనికిరాదు. రెండున్నర గంటలు చీకట్లో నోరు మూసుకుని కూర్చుంటే ఎవరి గురించీ ఏమీ తెలియదు. సినిమాకే వెళ్లాలనుకుంటే ఆ తర్వాత టిఫిన్‌కి గంట సమయం ఉంచుకోవాలి. రాత్రి బస చేసే ట్రిప్పులు మొదట్లో వద్దు. అరకులోనో లంబసింగిలోనో ఉన్నప్పుడు ఇబ్బందిగా అనిపిస్తే లేచి ఇంటికి వెళ్లిపోయే అవకాశం ఉండదు. ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోగలమన్న ధీమా ఉంటేనే మనిషి నిశ్చింతగా ఉంటారు.

నుమాయిష్‌లో ఒక సాయంత్రం

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఊహాచిత్రంలో చూద్దాం. శ్రావణి అనే అమ్మాయి ఉందనుకుందాం. వయసు 25. ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ మాదాపూర్ హాస్టల్లో ఉంటోంది. ఆదివారాలు షటిల్ ఆడే బృందంలో కార్తీక్ అనే అబ్బాయి ఆమెకు నచ్చాడు. ఇద్దరి మధ్యా ఇప్పటిదాకా నడిచింది స్కోరు గురించిన మాటలే.

జనవరి నెల. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ నడుస్తోంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లికి మారిన ఈ ప్రదర్శన నగరంలో ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్య దాకా సాగడం ఆనవాయితీ. శ్రావణి కార్తీక్‌కు విడిగా మెసేజ్ పెట్టలేదు. షటిల్ గ్రూపులో మంగళవారమే ఇలా రాసింది: "శనివారం నేను, దీప్తి నుమాయిష్‌కి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు సాయంత్రం ఐదింటికి మాదాపూర్ మెట్రో దగ్గర కలవండి. హాస్టల్ గేటు మూసేలోగా రావాలి కాబట్టి తొమ్మిదికల్లా బయల్దేరతాం."

ఈ నాలుగు ముక్కల్లో చాలా పని జరిగింది. కార్తీక్ రాకపోయినా శ్రావణి, దీప్తి వెళ్తారు. అంటే అతని జవాబు మీద ఏదీ ఆధారపడి లేదు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసింది. అతను వస్తానన్నా రానన్నా దానికి వేరే అర్థం ఉండదు. "నువ్వు కచ్చితంగా రావాలి" అని అతనికి మాత్రమే మూడుసార్లు చెప్పి ఉంటే ఈ తేలికదనమంతా పోయేది.

ఆరుగురు తేలారు. అమీర్‌పేటలో రైలు మారి గాంధీభవన్ స్టేషన్‌లో దిగారు. రైల్లో కార్తీక్ పక్కన సీటు కోసం శ్రావణి తాపత్రయపడలేదు. లోపలికి వెళ్లాక ఆ రద్దీలో ఆరుగురు ఒకే వరసలో నడవడం ఎలాగూ కుదరదు. కశ్మీరీ శాలువాల దుకాణం దగ్గర ఇద్దరు ఆగిపోయారు, లక్నో చికన్ కుర్తీల దగ్గర దీప్తి, మరొకామె ఆగారు. దుప్పట్ల దుకాణం దగ్గరికి వచ్చేసరికి శ్రావణి, కార్తీక్ మిగిలారు.

"మా అమ్మకి తీసుకుందామనుకుంటున్నా. ఈ రంగు మరీ ముదురుగా ఉందంటావా?" అని అడిగిందామె.

"వయసైనవాళ్లకి ముదురు రంగులే మేలు. మాటిమాటికీ ఉతకక్కర్లేదు. మా అమ్మ టైలరింగ్ చేస్తుందిలే, ఇంట్లో ఇవే మాటలు," అన్నాడతను.

అక్కడి నుంచి వాళ్లమ్మ కుట్టు మిషన్, జనగామలో వాళ్ల ఇల్లు, శ్రావణి ఖమ్మం నుంచి వచ్చిన కొత్తలో పడ్డ అవస్థ దాకా పది నిమిషాలు మాటలు నడిచాయి. నచ్చావా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. నిజంగా అవసరమైన ఒక చిన్న సలహా అడగడంతో సొంత జీవితం గురించి మాట వచ్చింది. తర్వాత శ్రావణి చేసిన పని ఇంకా ముఖ్యమైనది. మాటలు బాగా సాగుతున్నా "పద, వాళ్లు మనకోసం చూస్తుంటారు" అని గుంపులోకి వెళ్లిపోయింది. ఆ పది నిమిషాలను లాగి లాగి గంట చేసి ఉంటే అందరి కళ్లూ వాళ్ల మీదే పడేవి.

జెయింట్ వీల్ దగ్గర దీప్తి భయపడి ఎక్కనంది. "మీరు ఎక్కండి, నేను కిందే ఉంటాను" అని కార్తీక్ ఆమెకు తోడుగా ఆగిపోయాడు. పైన తిరుగుతూ శ్రావణి కాస్త నిరుత్సాహపడి ఉంటుంది. అతనికి దీప్తి అంటే ఇష్టమేమో అని కూడా అనిపించి ఉంటుంది. నిజానికి ఆ ఒక్క పనితో ఏదీ తేలదు. భయపడేవాళ్లను ఒంటరిగా వదిలేయని మనిషి అన్నంతవరకే తెలిసింది. ఆ మాత్రం తెలియడం కూడా తక్కువేమీ కాదు. తర్వాత అందరూ కూర్చుని మిర్చి బజ్జీలు తిన్నారు, తొమ్మిదికి బయల్దేరారు. మర్నాడు శ్రావణి అతనికి ఒకే మెసేజ్ పెట్టింది: "దుప్పటి ఫొటో పంపితే అమ్మకి నచ్చిందట. రంగు నువ్వు చెప్పావని చెప్పాను."

ఏది సంకేతం, ఏది కాదు

ఇక్కడే చాలామంది పొరబడతారు. నవ్వుతూ మాట్లాడితే ఇష్టమనుకుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆంటోనియా ఆబీ 1982లో ప్రచురించిన ప్రయోగంలో ఒక యువకుడు, ఒక యువతి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే ఇంకో యువకుడు, ఇంకో యువతి చాటు నుంచి గమనించారు. అదే సంభాషణలో ఆ యువతి స్నేహంగా ఉందని ఆడవాళ్లకు అనిపించిన చోట, ఆమెకు వేరే ఆసక్తి ఉందని మగవాళ్లకు ఎక్కువగా అనిపించింది. మర్యాదను ఇష్టంగా చదువుకునే ఈ పొరపాటు మగవాళ్లలో ఎక్కువని అప్పటి నుంచి మరికొన్ని అధ్యయనాలూ చెప్పాయి.

గుంపుతో తిరగడంలో ఉన్న పెద్ద సౌకర్యం ఇక్కడే ఉంది. ఆ మనిషి మనతో ఎలా ఉన్నారో, మిగతా ఐదుగురితో ఎలా ఉన్నారో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అందరితోనూ నవ్వుతూ మాట్లాడే మనిషి మనతో నవ్వితే అది స్వభావం. అందరి ఫొటోలకూ లైక్ కొట్టే మనిషి మన ఫొటోకి కొడితే అది అలవాటు. తేడా ఉంటేనే సంకేతం.

ఆ తేడాను మూడు చోట్ల చూడవచ్చు. మొదటిది చొరవ. మనం కదలకుండా ఉన్నప్పుడు ఆ మనిషి తనంతట తాను మన పక్కకు వస్తున్నారా? ప్రతిసారీ దూరం తగ్గించేది మనమే అయితే అది ఒకవైపు వ్యవహారమే. రెండోది జ్ఞాపకం. పోయినసారి మనం మాటల్లో చెప్పిన చిన్న సంగతిని, "మీ తమ్ముడి పరీక్ష ఎలా అయింది?" అన్నట్టు, తర్వాతిసారి తానే ఎత్తుతున్నారా? మూడోది కొనసాగింపు. శ్రావణి మెసేజ్‌కి కార్తీక్ ఒక బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తే అక్కడితో ఆగాలి. "మరి డబ్బులకి బేరం చేశావా, ఎంతకిచ్చాడు?" అని తిరిగి ప్రశ్న వేస్తే మాట్లాడాలన్న కోరిక అటువైపూ ఉందన్నమాట. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో తేలవు. మూడు నాలుగు కలయికల్లో ఒకే తీరు కనిపిస్తే నమ్మవచ్చు.

వద్దనే సంకేతాలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. మనం పక్కకు రాగానే స్నేహితురాలిని మాటల్లోకి లాగడం, ఇద్దరే మిగిలిన ప్రతిసారీ ఫోన్ తీయడం, జవాబులు రెండు ముక్కల్లో తేల్చేయడం, మనం వస్తున్నామని తెలిశాక రాకపోవడం. వీటిని సిగ్గు అని, పరీక్షిస్తున్నారని సర్దిచెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

గ్యాంగ్ వల్ల చెడే పని

స్నేహితుల సాయం ఎంత మంచిదో, వాళ్లకు ఎక్కువ చెప్పడం అంత ప్రమాదం. గుంపులో ఆరుగురు ఉంటే విషయం ఒక్కరికి తెలిస్తే చాలు. నలుగురికీ తెలిసిందంటే ఆ రోజు నుంచే ఆట మొదలవుతుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడగానే దగ్గులు, "వదినా" అంటూ పిలుపులు, "మేం అలా వెళ్లొస్తాం, మీరుండండి" అని అందరూ ఒక్కసారి మాయమైపోవడం. చేసేవాళ్లకు అది సరదా. అవతలి మనిషికి మాత్రం తాను ఒక పథకంలో చిక్కుకున్నానన్న భావన కలుగుతుంది. ఇష్టం మొలకెత్తుతున్నా అది అక్కడే చచ్చిపోతుంది.

నమ్మకమున్న ఆ ఒక్క స్నేహితురాలితో లేదా స్నేహితుడితో ముందే తేటగా చెప్పుకోవాలి. చేయాల్సింది సహజంగా ఉండటమే. మా ఇద్దరినీ కలిపి ఒక్క మాట కూడా అనవద్దు, మమ్మల్ని కావాలని ఒంటరిగా వదలవద్దు, ఆ మనిషి ఇబ్బంది పడుతున్నట్టు నీకు అనిపిస్తే నాకు నిర్మొహమాటంగా చెప్పు. ఈ మూడోదే అన్నింటికన్నా విలువైనది. ఇష్టంలో ఉన్నవాళ్ల కళ్లు తాము చూడాలనుకున్నదే చూస్తాయి. పక్కనున్నవాళ్లు ఉన్నది చూస్తారు.

ఇంకో చెడు అలవాటు, గుంపు చాటునే ఉండిపోవడం. ఐదు, పది, పదిహేను సార్లు తిరుగుతారు కానీ అడగరు. అడగకపోతే తిరస్కారం ఉండదు కాబట్టి అది హాయిగానే ఉంటుంది. కానీ అవతలి మనిషి దాన్ని స్నేహమే అనుకుని నమ్మకంతో దగ్గరవుతుంటారు. ఏడాది తర్వాత అసలు సంగతి బయటపడితే "ఇన్నాళ్లూ నాతో స్నేహం చేసింది ఇందుకా?" అని బాధపడతారు. ఆ బాధలో న్యాయం ఉంది. నాలుగైదు కలయికల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. సంకేతాలు బాగుంటే అడగాలి, లేకపోతే ఆశ వదులుకుని నిజంగానే స్నేహితులుగా ఉండాలి.

ఇద్దరుగా కలుద్దామని అడగడం

శ్రావణి విషయానికే వద్దాం. నుమాయిష్ తర్వాత ఒక ఉదయం అందరూ దుర్గం చెరువు దగ్గర నడకకు వెళ్లారు. ఆ తర్వాత గోల్కొండ ఎక్కారు. రెండుసార్లూ కార్తీక్ తనంతట తానే ఆమె పక్కకు వచ్చి నడిచాడు, ఖమ్మం సంగతులు గుర్తుపెట్టుకుని అడిగాడు. ఇప్పుడామె అతనికి మెసేజ్ పెట్టింది: "వచ్చే ఆదివారం సాయంత్రం శిల్పారామం వెళ్దామనుకుంటున్నా. ఈసారి మనిద్దరమే వెళ్తే బాగుంటుందనిపిస్తోంది. నీకూ ఇష్టమైతేనే. లేకపోయినా ఏం పర్లేదు, ఎప్పటిలాగే షటిల్ కోర్టులో కలుద్దాం."

"మనిద్దరమే" అని స్పష్టంగా చెప్పింది, కాబట్టి వెళ్లాక అపార్థానికి చోటు లేదు. రోజు, చోటు చెప్పింది, కాబట్టి జవాబు చెప్పడం తేలిక. కాదనడానికి తలుపు తెరిచే ఉంచింది. ముఖాముఖి అడగకుండా మెసేజ్ పెట్టడంలోనూ ఒక మన్నన ఉంది. వెనెస్సా బాన్స్, లారెన్ డెవిన్సెంట్ అనే పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకరి ప్రతిపాదనను కాదనడం ఎదుటివాళ్లకు ఎంత కష్టమో అడిగేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారని తేలింది. మెసేజ్ అయితే ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది, ముఖం చూస్తూ "వద్దు" అనాల్సిన ఇబ్బంది తప్పుతుంది. ఇదే ప్రశ్నను బండి మీద దింపడానికి వెళ్తూ దారిలో అడిగితే, పదిమంది ముందు అడిగితే అవతలివాళ్లు ఇరుక్కుపోతారు.

జవాబును చదవడం కష్టమేమీ కాదు. "ఆదివారం కుదరదు, శనివారం అయితే వస్తాను" అంటే సరేనన్నట్టు. "బిజీగా ఉన్నాను" అని వేరే రోజు చెప్పకపోవడం, "చూద్దాం" అని ఊరుకోవడం, "అందరం కలిసి వెళ్దాం" అనడం మన దగ్గర మర్యాదగా చెప్పే "వద్దు". మళ్లీ అడగకూడదు. కారణం అడగకూడదు, స్నేహితులతో రాయబారాలు పంపకూడదు. "సరే, ఆదివారం కోర్టులో కలుద్దాం" అని ఒక్క మాట రాసి, నిజంగానే మామూలుగా ఉంటే ఆ గుంపు నిలుస్తుంది, గౌరవమూ నిలుస్తుంది.

సరేనంటే మొదటిసారి పగలో సాయంత్రమో, జనం తిరిగే చోట, గంటన్నరకు మించకుండా కలవడం మంచిది. గుంపులో పరిచయమున్న మనిషైనా ఒంటరిగా కూర్చుంటే కొత్తగానే అనిపిస్తుంది. చాలనిపించకముందే లేస్తే రెండోసారి కలవాలనిపిస్తుంది.

ఆఫీసులో అయితే

ఇష్టపడ్డ మనిషి ఆఫీసు వాళ్లయితే ఇంకొంత జాగ్రత్త కావాలి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఆఫీసు గోడలకే పరిమితం కాదు. ఉద్యోగరీత్యా వెళ్లిన చోట్లు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా దాని పరిధిలోకి వస్తాయి. కాబట్టి కంపెనీ పెట్టిన టీమ్ అవుటింగ్‌ను ఈ పనికి వాడుకోకూడదు. అక్కడికి అందరూ ఇష్టపడి రారు, ఉద్యోగం కాబట్టి వస్తారు. మన కింద పనిచేసేవాళ్లను, మన రేటింగ్ మీద ఆధారపడ్డవాళ్లను అడగనే కూడదు. వాళ్లు అవునన్నా అది ఇష్టమో భయమో తేల్చుకోలేం.

వద్దన్న తర్వాత కూడా వెంటపడటం ఎక్కడైనా నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ ప్రకారం, ఒక మహిళ తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలిపినా పదేపదే వెంటపడి మాట కలపడానికి ప్రయత్నిస్తే మొదటిసారి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అదే గుంపులో ఉన్నాం కదా అన్నది దానికి సమాధానం కాదు.

ఇప్పుడు ఎవరి మీదైనా మనసు పడి ఏం చేయాలో తోచకుండా ఉన్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఈ వారం ఆ మనిషికి విడిగా మెసేజ్ పెట్టవద్దు. ఇద్దరికీ తెలిసిన ఐదారుగురితో, ఆ మనిషి రాకపోయినా మీరు సంతోషంగా వెళ్లే ఒక సాయంత్రాన్ని ఏర్పాటు చేయండి. మూడు నాలుగు సార్లు కలిశాక, కాదనే స్వేచ్ఛ ఇస్తూ, ఒక్కసారే, తేటగా అడగండి. వచ్చిన జవాబు ఏదైనా సరే, దాన్ని అక్షరాలా గౌరవించండి.